దంపతుల కౌన్సెలింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. పది సెషన్లలో కాపురం చక్కబెడతామన్న ప్రకటన హైదరాబాద్‌లో చాలామంది ఫోన్లలో తిరుగుతూనే ఉంది కాబట్టి ఎవరి సంగతి చెబుతున్నానో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. 10 సెషన్లకు 18,000 రూపాయలు ముందుగానే కట్టించుకున్నారు. ప్యాకేజీ సగం కూడా పూర్తి కాకముందే మా ఆయన లేచి బయటికి వచ్చేశారు, ఇక ఏ కౌన్సెలర్ గడపా తొక్కనన్నారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

మా గొడవల చరిత్ర ఇక్కడ అనవసరం. డబ్బు మాట ఎత్తితే నేను గొంతు పెంచడం, ఆయన ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోవడం, రెండు రోజులు మాటల్లేకపోవడం, అంతే. కౌన్సెలింగ్ అన్న ప్రతిసారీ ఆయన “నాకేం పిచ్చి లేదు, ఇంటి గుట్టు ఎవరో మూడో మనిషి ముందు ఎందుకు విప్పాలి?” అనేవారు. గొడవ మధ్యలో “నువ్వు మారాలి, అందుకే వెళ్దాం” అన్నన్నాళ్లూ ఆయన కదల్లేదు. అందులో వింతేమీ లేదు, శిక్ష వేయించుకోవడానికి తనంతట తాను ఎవరు బయలుదేరతారు? ఇద్దరం ప్రశాంతంగా ఉన్న ఒక ఆదివారం మాట మార్చాను. “డబ్బు గురించి మాట్లాడటం మనిద్దరికీ చేతకావడం లేదు, నాకు కూడా. ఒక్కసారి వెళ్దాం, మీకు నచ్చకపోతే మళ్లీ అడగను” అన్నాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “నేను చెప్పింది బయటికి పోదు కదా?” పోదని నేను హామీ ఇచ్చాను. అవతలివాళ్లను ఆ ముక్క అడగకుండానే!

మొదటిసారి ఇద్దరినీ కూర్చోబెట్టి పెళ్లి ఎప్పుడైంది, పిల్లలెందరు, గొడవలు దేని మీద అని అడిగారు. ఆ తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలన్నారు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, మంచి కౌన్సెలర్లు కూడా చాలామంది అలాగే చేస్తారు. విడి సెషన్‌కు వెళ్లే ముందు అక్కడి కౌన్సెలర్ మేడమ్ మా ఆయనతో “ఇక్కడ మనసు విప్పి మాట్లాడండి, ఈ గది దాటి పోదు” అని నా ఎదుటే చెప్పారు. ఆయన మాట్లాడారు. ట్రేడింగులో నాలుగు లక్షలు పోయాయనీ, ఆ లోటు పూడ్చడానికి పర్సనల్ లోన్ తీసుకున్నాననీ, నాకు ఎలా చెప్పాలో తెలియడం లేదనీ ఆవిడకు చెప్పుకున్నారు.

తర్వాతి సెషన్‌లో ఇద్దరం కలిసి కూర్చున్నాం. పాప స్కూలు ఫీజు గురించి నేను మాట్లాడుతున్నాను. ఆవిడ ఒక చేత్తో ఫోన్‌లో ఏదో టైపు చేస్తూనే వింటున్నారు. ఉన్నట్టుండి తలెత్తి, నవ్వుతూ మా ఆయనతో “ఏమండీ, ఆ ట్రేడింగులో పోగొట్టిన నాలుగు లక్షల సంగతి మేడమ్‌కి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?” అన్నారు. మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపటికీ మళ్లీ పెట్టుకోలేదు. నేను ఏ నాలుగు లక్షలని అడిగేలోపే ఆవిడ లోన్ మొత్తం, నెల వాయిదా అన్నీ తన నోట్సు చూసి చదివేశారు. పైగా నా వైపు తిరిగి “చూశారా, అందుకే ఈయన ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోతారు” అని సొంత వ్యాఖ్యానం కూడా జోడించారు. ఈయన “గది దాటి పోదన్నారు కదండీ?” అని చాలా మెల్లగా అడిగితే, “గది దాటలేదు కదా, ఇదే గది” అని మళ్లీ నవ్వారు.

లోన్ సంగతి నాకు తెలియాల్సిందే, దాని మీద నాకు కోపం లేదనీ అనను. కానీ అది ఆయన నోటి నుంచి రావాలి, ఆయన సిద్ధపడి చెప్పాలి. ఆ రోజు గదిలో ఇద్దరికి ద్రోహం జరిగింది: నమ్మి చెప్పినందుకు ఆయనకు, నమ్మించి తీసుకెళ్లినందుకు నాకు. మిగిలిన డబ్బు వాపసు ఇవ్వమని మర్నాడు ఫోన్ చేస్తే, రిసెప్షన్‌లోని అమ్మాయి “ప్యాకేజీకి రిఫండ్ ఉండదు మేడమ్, కావాలంటే మీ సెషన్లు మీ చెల్లెలికి బదిలీ చేయవచ్చు” అన్నది. మా చెల్లికి ఇంకా పెళ్లే కాలేదు.

కోపం కాస్త తగ్గాక, దంపతులతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక క్లినికల్ సైకాలజిస్టును కలిసి, అసలు ఇది ఎలా జరగాలని అడిగాను. ముందు ఇద్దరితో కలిపి ఒక సెషన్, ఆ తర్వాత విడివిడిగా ఒక్కొక్కటి, ఆపైన మళ్లీ ఇద్దరినీ కూర్చోబెట్టి “మీ మధ్య జరుగుతున్నది నాకు ఇలా కనిపిస్తోంది, మనం దీని మీద పనిచేద్దామా?” అని అడిగి లక్ష్యాలు ఖాయం చేసుకోవడం సాధారణ పద్ధతి అన్నారు. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. సాధారణంగా వారానికో పక్షానికో ఒకసారి, గంట నుంచి గంటన్నర కూర్చుంటారట. తప్పు ఎవరిదో తీర్పు చెప్పడం అక్కడి పని కాదు. గొడవ ఎలా మొదలవుతుంది, ఎవరి మాటకు ఎవరు ఎలా ముడుచుకుపోతారు అన్నది గదిలోనే పట్టుకుని, అక్కడే ఆపి, అదే మాటను మరోలా చెప్పించడం పని. మా విషయంలోనైతే నేను గొంతు పెంచేకొద్దీ ఆయన దూరం జరగడం, ఆయన జరిగేకొద్దీ నేను ఇంకా పెంచడమే రోగమనీ, లోన్ దాని పైన మొలిచిన సమస్య అనీ ఆవిడ అన్నారు. ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఇదే.

విడి సెషన్‌లో చెప్పిన రహస్యాల విషయంలో ప్రతి కౌన్సెలర్‌కూ ముందే ఒక నియమం ఉండాలట. కొందరు “విడిగా చెప్పినదేదీ నేను మీ భాగస్వామి దగ్గర దాచను, అది తెలిసే మాట్లాడండి” అంటారు. మరికొందరు “మీరు ఒప్పుకుంటే తప్ప నేను చెప్పను, కానీ ఆ రహస్యం మన పనికే అడ్డుపడితే మీరే చెప్పేలా సాయం చేస్తాను, అదీ కుదరకపోతే పని ఆపేస్తాను” అంటారు. ఏ నియమమైనా ఫరవాలేదు, అది విడి సెషన్‌కు ముందే ఇద్దరి ఎదుటా చెప్పాలి, కాగితం మీద ఉంటే మరీ మంచిది. నాలుగు లక్షల సంగతి తన దగ్గరికి వచ్చి ఉంటే, మరో విడి సెషన్ పెట్టి, “ఇది దాచి ఉంచి డబ్బు గొడవ పరిష్కరించలేం, ఎప్పుడు చెబుతారు, ఏ మాటతో మొదలుపెడతారు?” అని ఆయనతోనే సాధన చేయించి, తర్వాత ఉమ్మడి సెషన్‌లో ఆయన చెబుతుంటే నన్ను మధ్యలో విరుచుకుపడనివ్వకుండా చూసుకుని ఉండేదాన్నని ఆవిడ చెప్పారు. చెప్పడానికి ఆయనకు ఎంతసేపు కావాలో, విన్నాక నాకూ అంతసేపు కావాలట. మాకు దక్కింది ఒక నవ్వు.

ఇక అర్హతల సంగతి. మన దేశంలో మ్యారేజ్ కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి విడిగా లైసెన్సంటూ లేదు. వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకుంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నమోదుకు ఇచ్చే సీఆర్‌ఆర్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడిగి, కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు ఉందో లేదో చూసుకోవచ్చు. కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మే, ఎమ్మెస్సీ చేసి చక్కగా పనిచేసేవాళ్లకు ఆ నంబరు ఉండకపోవచ్చు. అలాగే నంబరు ఉన్నంత మాత్రాన దంపతులతో పనిచేయడం వస్తుందనీ కాదు, ఒకరికి కౌన్సెలింగ్ చేయడం వేరు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి చేయడం వేరు. కాబట్టి దంపతులతో పనిచేయడానికి ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారని అడగండి. మా కౌన్సెలర్ గోడ మీద తొమ్మిది ఫ్రేములున్నాయి, దగ్గరికి వెళ్లి చదివితే అన్నీ సన్మాన పత్రాలే. ఎదురుచూసినంతసేపూ వాటికి ఎదురుగానే కూర్చుని, ఎంత పెద్దావిడో అనుకున్నాను!

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. కానీ అవతలి మనిషి ఏ రిజిస్టరులోనూ లేనప్పుడు వృత్తి పరంగా ఫిర్యాదు ఎవరికి చేయాలన్నదే తేలదు. నాకు మిగిలింది వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 మాత్రమే. అక్కడ నమోదు చేయించాను, అదీ డబ్బు వరకే.

ఇప్పుడు మా ఆయన రానంటున్నారు, నేను బలవంతపెట్టడం లేదు. ఒకరికి కాపురం నిలబెట్టుకోవాలని ఉండి, రెండోవారు ఎటూ తేల్చుకోలేకపోతున్నప్పుడు, కొద్ది సెషన్లలోనే, కౌన్సెలింగ్ చేద్దామా వద్దా అన్నది తేల్చుకోవడానికి మాత్రమే సాయపడే పద్ధతి ఒకటుందని ఆ సైకాలజిస్టు చెప్పారు. అమెరికాలో విలియం డోహర్టీ రూపొందించిన ఆ పద్ధతిని డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్ అంటారు, అయిదు సెషన్లకు మించదు. ఆ మాట ఇంట్లో చెప్పాను, ఆయన కాదనలేదు, అవుననలేదు. ఈసారి మనిషిని ఎంచుకునేదీ, ముందు ఫోన్‌లో మాట్లాడేదీ ఆయనే. ఈలోగా నేనొక్కదాన్నే కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను, అయితే మేమిద్దరం కలిసి వెళ్లబోయే మనిషి దగ్గరికి కాదు. నెలల తరబడి నా గోడు ఒక్కటే విన్నవాళ్ల దగ్గరికి ఆయన తర్వాత అడుగుపెడితే, ఆవిడ నా మనిషిగానే కనిపిస్తారు.

డబ్బు కట్టే ముందు ఫోన్‌లోనే రహస్యాల నియమం ఏమిటని అడగండి, తడబడితే అక్కడితో వదిలేయండి. ప్యాకేజీ కొనకండి, ఏ సెషన్‌కు ఆ సెషన్‌కే కట్టండి, రసీదు మీద కౌన్సెలర్ పేరు రాయించుకోండి. మా రసీదు మీద ‘వెల్‌నెస్ సేవలు’ అని మాత్రమే ఉంది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్‌కు వెళ్లకండి, గదిలో నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు పడవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఒంటరిగా ఫోన్ చేయండి. అదే కేంద్రానికి డబ్బు కట్టి మోసపోయినవాళ్లెవరైనా ఉంటే 1915లో మీ ఫిర్యాదు కూడా నమోదు చేయండి, రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి.