మూడు బ్యాక్‌టిక్‌ల కంచె: ఆరేళ్లు వాడాక

రుషికొండలో ఒక ఆఫీసులో సర్వర్ల సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా మా టీమ్ నోట్స్ అన్నీ మార్క్‌డౌన్‌లోనే ఉన్నాయి. కమాండ్ ఎక్కడ వచ్చినా దాని పైన మూడు బ్యాక్‌టిక్‌లు, కింద మూడు బ్యాక్‌టిక్‌లు పెట్టడం అందరికీ అలవాటైపోయింది. ఈ కోడ్ ఫెన్స్ మీద నాకు ఇష్టం తగ్గలేదు. కానీ ఎక్కడపడితే అక్కడ పెట్టడం మాత్రం మానేశాను.

బ్రౌజర్‌లో చదివే నోట్స్‌కి దీన్ని మించింది లేదు. కంచె లేకుండా `__init__.py` అని మామూలు వాక్యంలో రాస్తే, అటూ ఇటూ ఉన్న అండర్‌స్కోర్లు మాయమై init అనే మాట బోల్డ్‌లో వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరుతో ఫైల్ వెతుక్కుంటూ కూర్చుంటారు. పైథాన్ కోడ్ అయితే మరీ ఘోరం, లైన్ల ముందున్న ఖాళీలు పోతే ప్రోగ్రామ్ అర్థమే మారిపోతుంది. కంచె లోపల ఉన్నది మాత్రం రాసింది రాసినట్టే కనిపిస్తుంది.

తేడా కొట్టింది ఒక వానాకాలం రాత్రి. రెండు గంటలప్పుడు ఒక సర్వర్‌లో డిస్క్ నిండిపోతోందని అలర్ట్ వచ్చింది. డ్యూటీలో ఉన్న మా జూనియర్ ఎంవీపీ కాలనీలోని తన ఇంటి నుంచే లాగిన్ అయ్యాడు. ఏం చెయ్యాలో రాసిపెట్టిన నోట్ ఆ సర్వర్‌లోనే ఉంది కాబట్టి `less`తో తెరిచాడు. `less`కి మార్క్‌డౌన్ తెలియదు, ఫైల్‌లో ఏముంటే అదే చూపిస్తుంది. అతనికి కనిపించింది ఇది:

````
```
df -h
```
````

టెన్షన్‌లో మౌస్‌తో మూడు లైన్లూ కలిపి కాపీ చేసి షెల్‌లో పేస్ట్ చేశాడు. రెండు నిమిషాల్లో నాకు ఫోన్.

"అన్నా, Filesystem అనే కమాండ్ లేదంటోంది. నేనసలు అది కొట్టనేలేదు."

తెర మీద ఉన్న లైన్ చదవమన్నాను.

```
bash: Filesystem: command not found
```

అప్పుడు అర్థమైంది. మార్క్‌డౌన్‌లో బ్యాక్‌టిక్ అంటే కంచె, బాష్‌లో మాత్రం దానికి వేరే పని ఉంది. రెండు బ్యాక్‌టిక్‌ల మధ్య ఉన్న కమాండ్‌ని నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ని అదే చోట పెడుతుంది. పై మూడింటిలో మొదటి రెండూ ఖాళీ జత. మూడోది తెరుచుకుని, కింది లైన్‌లో మొదటి బ్యాక్‌టిక్‌తో మూసుకుంటుంది. మధ్యలో `df -h` నడిచింది. దాని అవుట్‌పుట్ తెర మీదికి రాకుండా, అదే ఒక కమాండ్ అనుకుని షెల్ నడపబోయింది. ఆ అవుట్‌పుట్‌లో మొదటి మాట Filesystem.

ఆ రాత్రి నష్టమేమీ జరగలేదు, Filesystem అనే ప్రోగ్రామ్ ఎక్కడా లేదు కాబట్టి. అవుట్‌పుట్‌లో మొదటి మాట నిజంగా ఏదో ఒక కమాండ్ పేరే అయి ఉంటే, అది నడిచేసేది. కంచె పక్కన `bash` అని భాష పేరు కూడా రాసి ఉంటే ఇంకా గందరగోళం. ఆ మాటతో లోపల మరో షెల్ తెరుచుకుంటుంది. అందులో కమాండ్లు కొడుతుంటే ప్రాంప్ట్ వస్తుంది కానీ జవాబులు కనిపించవు.

మర్నాడే సర్వర్లలో ఉండే నోట్స్ అన్నింటిలోంచి కంచెలు తీసేసి, కమాండ్ ముందు నాలుగు ఖాళీలు వదిలాను. 2004లో మార్క్‌డౌన్ మొదటిసారి వచ్చినప్పుడు కోడ్‌కి ఉన్న పద్ధతి అదే, కంచెలు ఆ తర్వాత వచ్చాయి. బ్రౌజర్‌లో కోడ్‌లాగే కనిపిస్తుంది, `less`లో కళ్లకి అడ్డం రాదు, ఖాళీలతో సహా పేస్ట్ చేసినా `df -h` మామూలుగానే నడుస్తుంది. ఒక్క చిక్కుంది. ఉబుంటులో మామూలు సెట్టింగ్ ప్రకారం, ముందు ఖాళీ ఉన్న కమాండ్ హిస్టరీలోకి ఎక్కదు. ఏం కొట్టామో తర్వాత చూసుకుందామంటే దొరకదు.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. మా నోట్స్‌లో చిన్న కాన్ఫిగ్ ఫైళ్లు రాసే కమాండ్లు ఉంటాయి:

```
cat > app.conf <<EOF
port=8080
EOF
```

దీని ముందు నాలుగేసి ఖాళీలు పెట్టి పేస్ట్ చేస్తే, చివరి `EOF` లైన్ మొదట్లో లేదు కాబట్టి షెల్ దాన్ని గుర్తుపట్టదు. ఇంకా ఏదో వస్తుందని `>` చూపిస్తూ అలాగే కూర్చుంటుంది. `<<-EOF` అని రాసినా లాభం లేదు, అది ట్యాబ్‌లనే తీసేస్తుంది, స్పేస్‌లను కాదు. పైథాన్ ముక్కలకీ ఇలాంటి ఇబ్బందే. అందుకని ఇలాంటివి ఉన్న నోట్స్‌ని కంచెలతోనే ఉంచి, సర్వర్‌లోంచి తీసి బ్రౌజర్‌లో చదివే చోటికి మార్చాం. సర్వర్‌లో మిగిలినవన్నీ ఒక్క లైన్ కమాండ్లే.

కమిట్ మెసేజ్‌లలోనూ ఫోన్‌కి వెళ్లే అలర్ట్ ఎస్సెమ్మెస్‌లలోనూ కంచె పూర్తిగా మానేశాను. అక్కడ రెండు వరుసల చెత్త తప్ప ఏమీ మిగలదు. ఇప్పుడు సర్వర్ కోసం ఏ కొత్త నోట్ రాసినా, సేవ్ చేశాక ఒకసారి `less`లో తెరిచి, కమాండ్ లైన్‌ని అంచు నుంచి అంచు దాకా కాపీ చేసి, టెస్ట్ మెషీన్‌లో పేస్ట్ చేసి చూస్తున్నాను.