పాత పేపర్లతో ఫిజిక్స్ నోట్స్: అంచు గుర్తులు, పట్టిక, ప్రశ్నలవారీ నోట్స్‌... ఏది మేలు?

తెలంగాణ ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌కి పాత పేపర్లు చూసి అధ్యాయం సారాంశం రాసుకునేవాళ్లు సాధారణంగా మూడు పద్ధతుల్లో ఒకటి పట్టుకుంటారు. ఉన్న నోట్స్ అంచున "ఇది ఫలానా ఏడు వచ్చింది" అని గుర్తు పెట్టడం ఒకటి. ముందు అంశాలు, సంవత్సరాలతో పట్టిక వేసి, దాన్ని బట్టి నోట్స్ కొత్తగా రాయడం రెండోది. అసలు సారాంశమే లేకుండా వచ్చిన ప్రశ్నలకు జవాబులు వరసగా రాసుకోవడం మూడోది. ఈ మూడింటినీ ప్రవాహ విద్యుత్తు అధ్యాయం మీద పెట్టి చూద్దాం.

ముందు పేపర్ స్వరూపం గుర్తుండాలి. చాలా ఏళ్లుగా నడుస్తున్న 60 మార్కుల పేపర్లో రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిది ఇస్తే ఆరు రాయాలి. ఎనిమిది మార్కులవి మూడు ఇస్తే రెండు రాయాలి. ఈ మూడు పెద్ద ప్రశ్నలూ సాధారణంగా తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు అధ్యాయాల నుంచే వస్తుంటాయి. అందుకే ఈ అధ్యాయంలో ఒక అంశం ఎన్నిసార్లు వచ్చిందన్నది సగం సమాచారమే. ఎన్ని మార్కులకు వచ్చిందన్నది మిగతా సగం.

అంచు గుర్తుల పద్ధతికి ఖర్చు తక్కువ. పేపర్ తెరిచి, ప్రశ్న ఏ పేరాకు చెందుతుందో చూసి, పక్కన మార్కులు, నెల, ఏడు కలిపి "8–మార్చి 19" అని రాస్తే సరిపోతుంది. వరస చెడదు, కాబట్టి ఏ సూత్రం దేని నుంచి వచ్చిందో కనబడుతూనే ఉంటుంది. లోపం మరోచోట ఉంది. గుర్తు పెట్టినంత మాత్రాన నోట్స్ కొలత మారదు. ఓమ్ నియమానికి ఆరు లైన్లు, పొటెన్షియోమీటర్‌కూ ఆరే లైన్లు ఉంటే, పక్కన నాలుగు గుర్తులు పడ్డా అవి ఆరు లైన్లే. పరీక్షలో మాత్రం దానికి పటంతో సహా ఒకటిన్నర పేజీ రాయాలి. పైగా పది పేపర్లు అయ్యేసరికి అన్ని పేరాలకూ ఏదో ఒక గుర్తు పడిపోయి, ఏది ముఖ్యమో మళ్లీ మొదటికొస్తుంది.

పట్టికలో అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా అంశాలు రాస్తాం. గడిలో టిక్కు కాదు, మార్కుల అంకె వేయాలి. అంశాలను ఎంత చిన్నగా విడదీస్తామన్నదే ఇక్కడ అసలు పని. "పొటెన్షియోమీటర్" అని ఒకే వరస పెడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అది రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండు ఘటాల విద్యుచ్ఛాలక బలాలు పోల్చేటప్పుడు ఘటాలను విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి వలయంలో పెట్టి E1/E2 = l1/l2 తీస్తాం. అంతర్నిరోధం కనుక్కోవాలంటే ఒకే ఘటం ఉంటుంది. దానికి అడ్డంగా నిరోధాల పెట్టె, కీ పెట్టి r = R(l1 − l2)/l2 అని తేలుస్తాం. వలయం వేరు, పటం వేరు, సూత్రం వేరు. ఒకే వరసలో కలిపేసినవాళ్లు తమకు బాగా వచ్చిన రూపమే మళ్లీ మళ్లీ అడిగారనుకుని రెండోదాన్ని వదిలేస్తారు. కిర్కాఫ్ నియమాలు, వాటి నుంచి వీట్‌స్టన్ బ్రిడ్జి షరతు రాబట్టడం మాత్రం కలిపి అడిగే ప్రశ్న కాబట్టి ఒకే వరస చాలు.

పెద్ద ప్రశ్న చివర ఒక చిన్న లెక్క తగిలిస్తుంటారు. దానికి విడిగా వరస ఉండాలి. 1.25 వోల్టుల ఘటానికి సంతులన బిందువు 35 సెం.మీ. వద్ద, మరో ఘటానికి 63 సెం.మీ. వద్ద వస్తే రెండోదాని బలం 1.25 × 63/35 = 2.25 వోల్టులు. ఇది రెండు లైన్ల లెక్కే అయినా ప్రశ్నలవారీ నోట్స్‌లో చాలామంది దగ్గర కనిపించదు. వాళ్లు రాసుకునేది సిద్ధాంత భాగమే మరి.

నిలువు గడులు నింపేటప్పుడు రెండు జాగ్రత్తలు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బోర్డుల పేపర్లు వేర్వేరు, వాటిని ఒకే గడిలో కలపకూడదు. 2021లో పరీక్షలు రద్దయ్యాయి కాబట్టి ఆ గడి ఖాళీ. 2022లో తగ్గించిన సిలబస్‌తో, ఎక్కువ ఛాయిస్‌తో పరీక్ష పెట్టారు కాబట్టి ఆ ఏడు ఒక అంశం రాకపోతే దానికి అర్థమేమీ లేదు. ఆ నిలువు వరసను పెన్సిల్‌తో నింపి లెక్కలోంచి తప్పించండి. అప్పుడు చేతిలో మిగిలేవి కొద్ది పేపర్లే. అంత చిన్న లెక్కలో మూడుసార్లు వచ్చినదానికీ రెండుసార్లు వచ్చినదానికీ తేడా చూడటం వృథా. "తరచూ", "అప్పుడప్పుడూ", "రాలేదు" అని మూడు తరగతులు చాలు. పోయినేడాది వచ్చింది కాబట్టి ఈసారి రాదన్న నమ్మకంతో తరగతి మార్చకండి.

ఇక పట్టికను నోట్స్‌లోకి దించడం. ప్రవాహ విద్యుత్తుకు నాలుగు పేజీల సారాంశం అనుకుంటే కిర్కాఫ్, వీట్‌స్టన్‌కు ఒక పేజీ, పొటెన్షియోమీటర్ రెండు రూపాలకూ కలిపి రెండు పేజీలు, డ్రిఫ్ట్ వేగం, నిరోధకత, ఉష్ణోగ్రతతో మార్పు లాంటివన్నీ మిగిలిన పేజీలో. పట్టిక దెబ్బతీసేదీ ఇక్కడే. "రాలేదు" అని తేలిన అంశాల్లో కొన్ని, వచ్చినవాటికి ఆధారం. లూప్‌లో తిరిగేటప్పుడు IRకు ధన, రుణ గుర్తులు ఎలా తీసుకోవాలన్నది విడి ప్రశ్నగా రాకపోవచ్చు. అది తీసేస్తే మాత్రం వీట్‌స్టన్ సమీకరణాల్లో గుర్తు తారుమారై P/Q = R/S రాదు. కాబట్టి కొట్టేసే ముందు ప్రతి ఖాళీ వరసకూ "ఇది లేకుండా పై జవాబు రాయగలనా?" అని చూడాలి. రాయలేనిదాని పక్కన "ఆధారం" అని రాసి ఉంచేయాలి.

ప్రశ్నలవారీ నోట్స్ వల్ల చేయి తిరుగుతుంది, అది నిజమే. కానీ పొటెన్షియల్ ప్రవణత రెండు జవాబుల్లో రెండుసార్లు రాసుకుంటారు, వోల్ట్‌మీటర్ కంటే పొటెన్షియోమీటర్ ఎందుకు మేలు అని అడిగితే మాత్రం జవాబు ఏ పేజీలోనూ దొరకదు. సంతులన బిందువు దగ్గర ఘటం నుంచి కరెంటు తీసుకోదన్న ఒక్క మాట సారాంశంలో ఉండేది, జవాబుల్లో జారిపోతుంది.

ఏది మేలంటే, రెండు నెలల పైన టైముంటే పట్టికే. నోట్స్ అప్పటికే రాసేసి నెల మాత్రమే ఉంటే అంచు గుర్తులు. అయితే ఎనిమిది మార్కుల అంశాలకు మాత్రం విడి కాగితాల మీద పూర్తి జవాబు రాసి ఆ పేజీలో అతికించాలి. ప్రశ్నలవారీ నోట్స్ చివరి పది రోజుల రివిజన్‌కు పనికొస్తాయి, మొదటి నోట్స్‌గా కాదు.

ఏ పద్ధతికైనా ముందు ఈ ఏటి సిలబస్ కాపీ పక్కన పెట్టుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ కుదింపులో పన్నెండో తరగతి పుస్తకం నుంచి మీటర్ బ్రిడ్జి, పొటెన్షియోమీటర్ రెండూ తీసేశారు. మీరు చదివే బోర్డు, మీ బ్యాచ్ పుస్తకం ఆ దారిలో ఉంటే, పట్టికలో అన్నింటికంటే నిండుగా కనిపించే వరసనే మొదట కొట్టేయాలి. ఆ రెండు పేజీలు కిర్కాఫ్ లెక్కలకు ఇవ్వండి.