ఫొటోలో వచ్చిన నోటీసుకు తెలుగు: ‘చేయవలెను’, ‘చేయాలి’, ‘చేయండి’లలో ఏది మేలు?

కార్యాలయం గోడ మీదో, దుకాణం తలుపు మీదో ఉన్న ఇంగ్లీషు నోటీసును ఫొటో తీసి, తెలుగు చేసిపెట్టమని అడుగుతుంటారు. మాటల అర్థం దగ్గర పెద్దగా చిక్కు ఉండదు. చిక్కంతా వాక్యం చివర, క్రియ దగ్గర వస్తుంది. ఒకే ఆదేశాన్ని ‘సంతకం చేయవలెను’, ‘సంతకం చేయాలి’, ‘సంతకం చేయండి’ అని మూడు రకాలుగా రాయొచ్చు. మూడూ సరైన తెలుగే. చదివేవాడికి మాత్రం మొదటిది శాసనంలా, రెండోది నియమంలా, మూడోది ఎదురుగా నిలబడి చెప్పినట్టు వినిపిస్తుంది.

‘వలెను’, ‘ఆలి’ రెండింటికీ ఒక సుగుణం ఉంది. నువ్వు చేయాలి, మీరు చేయాలి, వాళ్లు చేయాలి: ఎవరికైనా రూపం ఒక్కటే. బోర్డు చదివేది చిన్నవాడా పెద్దవాడా, ఒకరా పదిమందా అన్న ప్రశ్నే రాదు. ‘అండి’ అలా కాదు, అది చదివేవారిని నేరుగా పిలుస్తుంది. అందుకే అందులో మర్యాద కనిపిస్తుంది, అందుకే ఆదేశం కాస్త పలచబడుతుంది కూడా. ‘చెయ్యి’, ‘నీ’, ‘తాకకు’ లాంటి ఏకవచనాలకు గోడ మీద చోటు లేదు. పిల్లలు చదివే బోర్డులో కూడా ‘తాకకండి’ అనే రాయాలి.

ఫొటోలో ఇలాంటి నోటీసు ఉందనుకుందాం. పైన ‘నోటీస్’ అని శీర్షిక. సందర్శకులందరూ రిజిస్టర్‌లో ‘మస్ట్’ సంతకం చేయాలని మొదటి పంక్తి. గుర్తింపు కార్డు లేకుండా ‘నో ఎంట్రీ’ అని రెండోది. ‘ప్లీజ్’ అంటూ ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని మూడోది. ఫొటోలు ‘నాట్ అలౌడ్’ అని నాలుగోది. కింద ‘బై ఆర్డర్, మేనేజర్’.

పాత కార్యాలయ పద్ధతిలో ఇది ఇలా అవుతుంది:

“సందర్శకులందరును రిజిస్టరులో సంతకము చేయవలెను. గుర్తింపు కార్డు లేనిదే లోనికి రారాదు. సెల్‌ఫోన్లను నిశ్శబ్దముగా ఉంచవలెను. ఫొటోలు తీయరాదు.”

గంభీరంగా ఉంది, అర్థమూ స్పష్టమే. కానీ మూడో పంక్తిలోని అభ్యర్థన మాయమై అదీ ఆజ్ఞ అయిపోయింది. పైగా ఈ పద్ధతి పట్టుకుంటే చివరిదాకా పట్టుకోవాలి. ‘వలెను’ రాసిన చేత్తోనే ‘నిషేధం’, ‘బయట’, ‘తాగ’ అని రాస్తే అతుకు కనిపిస్తుంది. దాని పక్కన ‘నిషేధము’, ‘వెలుపల’, ‘త్రాగ’ ఉంటేనే కుదురుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ‘రారాదు’ దగ్గర. రెండు ‘రా’లు చూసి అచ్చుతప్పు అనుకుని ఒకటి తీసేస్తారు. ‘లోనికి రాదు’ అంటే ఏదో వస్తువు లోపలికి రాదని అర్థం, నిషేధం ఎగిరిపోయింది.

అంతా ‘అండి’తో రాస్తే:

“రిజిస్టర్‌లో సంతకం చేయండి. గుర్తింపు కార్డు చూపించి లోపలికి రండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఫొటోలు తీయకండి.”

చదవడానికి హాయిగా ఉంది. రెండో పంక్తి మాత్రం దెబ్బతింది. అసలు నోటీసు కార్డు లేనివారిని ఆపుతోంది. ఇక్కడేమో ఆహ్వానంలా వినిపిస్తోంది. కార్డు లేనివాడు దీన్ని చదివి నేరుగా లోపలికి వెళ్లబోతాడు, గుమ్మం దగ్గర మాట పడతాడు. సంతకం కూడా ఇష్టమైతే చేసేదన్నట్టు ఉంది.

మా ఓటు ‘ఆలి’, ‘అండి’ల కలయికకు:

“సందర్శకులందరూ రిజిస్టర్‌లో సంతకం చేయాలి. గుర్తింపు కార్డు లేనివారికి ప్రవేశం లేదు. దయచేసి ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఇక్కడ ఫొటోలు తీయకూడదు.”

నియమానికి ‘ఆలి’, ‘కూడదు’, ‘లేదు’. అభ్యర్థనకు ‘అండి’. రెండూ వాడుక భాషే కాబట్టి ఒకే బోర్డులో పక్కపక్కన ఇమిడిపోతాయి. పక్కనున్న బోర్డులన్నీ ఇప్పటికే ‘వలెను’లో ఉంటే, వాటి వరసలో పెట్టే కొత్త బోర్డును అలాగే రాయడం మేలు. మిగతా చోట్ల దాని అవసరం కనిపించదు.

‘దయచేసి’ ఎక్కడ పెట్టాలన్నది దీని నుంచే తేలుతుంది. అది అభ్యర్థన మాట కాబట్టి ‘అండి’తో కుదురుతుంది. ‘దయచేసి పొగ త్రాగరాదు’ అని తరచూ కనిపిస్తుంది గానీ, బతిమాలుతూ మొదలై ఆజ్ఞతో ముగియడం వల్ల వాక్యం రెండుగా చీలిపోతుంది. ఇంగ్లీషులో ‘ప్లీజ్’ ఉన్నా అసలు విషయం నిషేధమే అయితే ‘పొగ తాగకూడదు’ చాలు. మర్యాద కావాలంటే ‘దయచేసి పొగ తాగకండి’. ఇక ‘గలరు’తో జాగ్రత్త. ‘సహకరించగలరు’, ‘గమనించగలరు’ అంటే అభ్యర్థనే అని అందరికీ తెలుసు. అదే ‘ఫీజు ఇక్కడ కట్టగలరు’ అంటే కట్టమని కోరుతున్నారా, కట్టే వీలుందని చెబుతున్నారా? మొదటిదైతే ‘కట్టండి’, రెండోదైతే ‘కట్టవచ్చు’ అని విడదీసి రాయాలి.

దుకాణం నోటీసులో గొంతు మారుతుంది. అక్కడ మాట్లాడేది యజమాని, వినేది కొనేవారు. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోరన్న పంక్తికి ‘తిరిగి తీసుకోబడదు’ అని రాసే అలవాటు పాతుకుపోయింది. ‘బడు’ చేర్చిన చోటల్లా ఎవరు తీసుకోరో దాగిపోతుంది, చదవడమూ బరువే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము’ అంటే సూటిగా ఉంటుంది, మర్యాదకూ లోటు లేదు. ఇది కచ్చితంగా ‘మేము’ గొంతే. కొనేవారిని కూడా కలుపుకునే ‘మనం’ ఇక్కడ కుదరదు. ‘తీసుకోం’ అన్నది మాటల్లో బాగానే ఉంటుంది. అచ్చు బోర్డు మీద తెగేసి చెప్పినట్టుంటుంది. చేత్తో రాసి తలుపుకు అంటించిన చీటీకి మాత్రం ఆ చనువు చెల్లుతుంది: ‘భోజనానికి వెళ్లాం, 2 గంటలకు తెరుస్తాం’. అదే విషయం అచ్చు బోర్డయితే ‘భోజన విరామం: మధ్యాహ్నం 1 నుంచి 2 వరకు’.

నోటీసులో మూడో మనిషి ప్రస్తావన వస్తే క్రియను చూసుకోవాలి. డాక్టర్ ఆదివారం అందుబాటులో లేరన్న నోటీసులో ఆ డాక్టర్ స్త్రీనా పురుషుడా అన్నది ఇంగ్లీషు చెప్పదు. ‘ఉండడు’ అంటే అమర్యాద, పైగా ఊహ. ‘ఆదివారం డాక్టర్ గారు ఉండరు’ అంటే రెండు చిక్కులూ పోతాయి. ‘గారు’ తీసేసి ‘డాక్టర్ అందుబాటులో ఉండరు’ అన్నా తప్పులేదు, ‘ఉండరు’ మాత్రం ఉండాలి.

ఇవన్నీ తేల్చుకోవాలంటే ఫొటోలో నోటీసు మొత్తం పడాలి. శీర్షిక, ముద్ర, సంతకం అంచుల్లో తెగిపోతే గొంతు ఎవరిదో తెలియదు, అప్పుడు పూర్తి ఫొటో అడగడమే దారి. పంక్తుల విరుపునూ నమ్మకూడదు. ‘నో ఎంట్రీ’ పై పంక్తిలో పెద్దగా, ‘సాయంత్రం 5 తర్వాత సందర్శకులకు’ అన్నది కింద చిన్నగా ఉంటే, విడివిడిగా తెలుగు చేసినప్పుడు ఎప్పుడూ ఎవరికీ ప్రవేశం లేనట్టవుతుంది. రెండూ కలిపి ‘సాయంత్రం 5 తర్వాత సందర్శకులకు ప్రవేశం లేదు’ అని ఒకే వాక్యం చేయాలి. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో గట్టిగా చెప్పింది మన లిపిలో అలా రాదు కాబట్టి, ఆ గట్టిదనాన్ని ‘తప్పనిసరిగా’ లాంటి మాటతోనో, అక్షరాల లావుతోనో తేవాలి.

చివరి పంక్తి సంతకం. ‘మేనేజర్ గారి ఆజ్ఞ’ అని రాస్తుంటారు. నోటీసు మేనేజర్ పేరుతోనే వెలువడుతుంటే తనకు తానే ‘గారు’ పెట్టుకున్నట్టవుతుంది. ‘ఇట్లు, మేనేజర్’ అంటే సరిపోతుంది. కింది ఉద్యోగి సంతకం చేసి, పైవారి మాటగా చెబుతుంటే ‘మేనేజర్ ఉత్తర్వు మేరకు’ అని రాయాలి.