జాగ్రత్త: “లిస్టు ఎక్సెల్‌లో పంపండి” అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి

కిరాణా, ఫ్యాన్సీ షాపులవాళ్లు ఇది ఒకసారి చదవండి. హోల్‌సేల్ షాపువాళ్లు ఇచ్చే ప్రింటు లిస్టు చూసుకుంటూ బిల్లింగ్ కంప్యూటర్‌లో ఒక్కో రేటూ కొట్టుకోలేక, ఎక్సెల్‌లో పంపమని అడుగుతున్నాం. పంపుతున్నారు కూడా. కానీ వచ్చే ఫైళ్లలో కొన్ని పేరుకే ఎక్సెల్. అదే ప్రింటు కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, ఏదో యాప్‌లో మార్చేసి పంపినవి.

అలా వచ్చిన ఒక లిస్టులో 38.40 కాస్తా 33.40 అయింది. 6.50లో చుక్క ఎగిరిపోయి 650 అయింది. 650 అయితే చూడగానే దొరికిపోతుంది. ముంచేది 33.40. ఎం.ఆర్.పి. 45 ఉన్న సరుకు పన్నుతో కలిపి 33.40కే పడిందనుకుని పోటీకి 36కి అమ్మితే, పీసుకు 2.60 మిగులుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి 2.40 చేతినుంచి పోతోంది. 144 పీసుల పెట్టె మీద 345.60 రూపాయల నష్టం. హోల్‌సేల్ షాపు బిల్లు సరిగ్గానే ఉంటుంది కాబట్టి నెలాఖరుదాకా ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటి ఫైలును పట్టుకోవడం కష్టం కాదు. ప్రతి నలభై, యాభై వరుసలకోసారి హెడ్డింగు మళ్లీ వస్తుంటే, మధ్యలో పేజీ నంబర్లు తగులుతుంటే అది ఫోటో నుంచో పీడీఎఫ్ నుంచో మార్చిందే. కొన్ని అంకెలు గడిలో ఎడమ పక్కకు అతుక్కుని ఉంటాయి. సున్నా బదులు O అక్షరం పడి అవి అంకెలే కాకుండా పోయాయన్నమాట. రేటు D గడిలో ఉంటే పక్కన ఓ ఖాళీ గడిలో ఇది కొట్టి కిందిదాకా లాగండి, FALSE వచ్చిన రేట్లన్నీ తప్పులే:

```
=ISNUMBER(D2)
```

కానీ 33.40 దీనికి దొరకదు, అదీ అంకే కదా. దానికి మార్జిన్ శాతం తీయాలి. E గడిలో ఎం.ఆర్.పి. ఉంటే:

```
=(E2-D2)/E2*100
```

ఒకే కంపెనీ సరుకుల మార్జిన్ చాలావరకు దగ్గర దగ్గరగా ఉంటుంది. మిగతావన్నీ 14, 15 దగ్గరుండి ఒక్కటే 25 దాటిందంటే, ముందు పాత బిల్లు తీసి ఆ రేటు సరిచూసుకోండి.

ఇంకో గొయ్యి పన్ను. లిస్టులో ఉత్త “రేటు” అని ఉంటే అది జీఎస్టీతో కలిపా, విడిగానా? 33 రూపాయల ఒంటి సబ్బు 5 శాతంతో 34.65 పడుతుంది, 18 శాతంతో 38.94. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు 18 నుంచి 5కి దిగాయి, డిటర్జెంట్ పొడి మాత్రం 18లోనే ఉంది. పన్ను కలిపేసిన పాత లిస్టులో ఏ రేటు మారిందో, ఏది మారలేదో తెలియదు. పన్ను వేరే గడిలో ఉంటే ఆ శాతం ఒక్కటీ మారిస్తే సరిపోతుంది.

తెలుగు పేర్లతోనూ చిక్కుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో చేయించిన లిస్టు ప్రింటులో ముచ్చటగా ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కందిపప్పు పేరు దగ్గర పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో కావాలని ముందే చెప్పండి, కుదరదంటే పేర్లు ఇంగ్లిషులో ఉన్నా నయమే.

అందుకని అడిగేటప్పుడే ఏం కావాలో విడమరిచి రాయండి. ఇలా:

“హోల్‌సేల్ షాపు యజమాని గారికి, నమస్కారం. మీరిచ్చిన ప్రింటు లిస్టు అందింది. రేట్లు మా బిల్లింగ్‌లోకి నేరుగా ఎక్కించుకోవడానికి అదే లిస్టు ఎక్సెల్ ఫైలుగా పంపగలరు. ఫోటో, పీడీఎఫ్, వాటినుంచి మార్చిన ఫైలు వద్దండీ. మీ ట్యాలీలో లిస్టు తెరిచి `Alt+E` నొక్కి, ఎక్సెల్ ఎంచుకుంటే ఫైలు బయటికి వస్తుంది. సరుకు పేరు, బార్‌కోడ్, పెట్టెలో ఎన్ని పీసులు, పీసు రేటు పన్ను లేకుండా, జీఎస్టీ శాతం, ఎం.ఆర్.పి. వేటి గడిలో అవి ఉండాలి. రేట్లు ఏ తేదీ నుంచి అమలో పైన రాయగలరు. మారినప్పుడు మారిన సరుకులు మాత్రమే పంపినా చాలు. ఫైలుకూ బిల్లుకూ తేడా వస్తే బిల్లు రేటే లెక్క అని మాకు తెలుసు, ఫైలు పేరుతో మీతో తగువు పడము.”

ఆ చివరి మాట వదిలేయకండి. ఫైలు ఇస్తే రేపు దాన్ని చూపించి పాత రేటుకే సరుకు అడుగుతారేమోనన్న భయంతోనే చాలామంది ఇవ్వరు.

ఫైలు సీఎస్‌వీగా వస్తే మాత్రం డబుల్ క్లిక్ చేసి తెరవకండి. 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ `8.90123E+12` లా మారుతుంది, అలాగే సేవ్ చేస్తే వెనకాల అంకెలు పోతాయి, మళ్లీ రావు. టీ పొడి హెచ్‌ఎస్‌ఎన్ 0902 కాస్తా 902 అవుతుంది. ఎక్సెల్‌లో `Data > From Text/CSV` ద్వారా తెచ్చుకుని, `Transform Data` నొక్కి, ఆ రెండు నిలువు వరుసలనూ `Text` అని పెట్టి, అడిగితే `Replace current` నొక్కాకే లోడ్ చేయండి. బిల్లింగ్‌లోకి ఎక్కించే ముందు కిందటి వారం బిల్లు పక్కన పెట్టుకుని ఓ పది సరుకులు సరిచూడండి.