పుచ్చకాయా, కేంద్రకమా: బంగారు రేకు ఇచ్చిన తీర్పు

థామ్సన్ 1904లో ఊహించిన పరమాణువును మన పాఠ్యపుస్తకాలు పుచ్చకాయతో పోలుస్తాయి. గుజ్జంతా ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. ఆవేశం అలా పలచగా పరుచుకుంటే, రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడి దూసుకెళ్లే ధనావేశ ఆల్ఫా కణాన్ని ఒక పరమాణువు డిగ్రీలో ఏ కొద్ది భాగమో మాత్రమే వంచగలదు. అయితే బంగారు రేకులో కణం దారిలో వెయ్యికి పైగా పరమాణువులుంటాయి కదా, చిన్న చిన్న వంపులు కలిసి పెద్దవి కావా? కావు. ఒకటి ఎడమకు నెడితే ఇంకొకటి కుడికి నెడుతుంది.

మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో పనిచేసిన గైగర్, మార్స్‌డెన్ కొలతలు వేరే మాట చెప్పాయి. సుమారు 0.00004 సెం.మీ. మందం ఉన్న బంగారు రేకులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన వంపు ఒక డిగ్రీ లోపే. అక్కడిదాకా థామ్సన్‌కు ఇబ్బంది లేదు. కానీ దాదాపు 20,000 కణాల్లో ఒకటి 90 డిగ్రీల మేర తిరిగింది. పుచ్చకాయ లెక్కలో అది జరిగే అవకాశం దాదాపు సున్నా.

1911లో రూథర్‌ఫర్డ్ ఆ ఆవేశాన్నంతా పరమాణువు నడుమ ఒక చుక్కలో కుక్కాడు; అదే కేంద్రకం. అప్పుడు పెద్ద వంపుకు ఒక్క ఢీ చాలు. కణం తిరిగిన కోణం θ అయితే, ఆయన సూత్రం 1/sin⁴(θ/2) ప్రకారం, కణాలు తెరకు తగిలి 120 డిగ్రీల దగ్గర పుట్టించే మెరుపులకు 60 డిగ్రీల దగ్గర 9 రెట్లు కనిపించాలి. చీకటి గదిలో మైక్రోస్కోపుతో మెరుపులు లెక్కపెట్టి, 1913లో గైగర్, మార్స్‌డెన్ ఈ సూత్రాన్ని నిర్ధారించారు.

తమాషా ఏమిటంటే, ఆ చుక్కది ధనావేశమో రుణావేశమో ఈ లెక్క తేల్చలేదు. ఎలక్ట్రాన్లు అందులో పడిపోకుండా ఎలా ఉంటాయో కూడా చెప్పలేదు.