ముందు ఎఫ్‌డీనా, పీపీఎఫ్‌నా, ఫండ్లా? రిటైరయ్యాక ఏ డబ్బు ముందు తీయడం మేలు?

తెనాలిలో ముప్ఫై ఏళ్లు మందుల షాపు నడిపి, అరవై దాటాక దాన్ని అమ్మేసిన ఒక వ్యాపారిని ఊహించుకుందాం. ఆయనకు పెన్షన్ లేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీలలో 20 లక్షలు, పదిహేనేళ్లు నిండిన పీపీఎఫ్‌లో 25 లక్షలు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 40 లక్షలు ఉన్నాయి. ఫండ్లలో పెట్టిన సొమ్ము 20 లక్షలే కాబట్టి మిగిలిన సగం లాభం. ఇంటి ఖర్చు నెలకు 60 వేలు, అంటే ఏడాదికి 7.20 లక్షలు. సీనియర్ స్కీమ్ 8.2 శాతం చొప్పున 2.46 లక్షలు, ఎఫ్‌డీలు ఏడు శాతం చొప్పున 1.40 లక్షలు వడ్డీ ఇస్తాయి. ఇంకా 3.34 లక్షలు తక్కువ పడతాయి. ఈ లోటును ఏ ఖాతా నుంచి పూడ్చాలన్నదే ఆయన తేల్చుకోవలసిన విషయం.

మన ఇళ్లలో సాధారణంగా వినిపించే సలహా ఒకటుంది. ముందు ఎఫ్‌డీలు వాడుకో, తరవాత పీపీఎఫ్, పెరిగే ఫండ్లను చివరిదాకా ముట్టుకోకు అంటారు. దీనికి పోటీగా వచ్చే రెండో పద్ధతి ఏటా ఫండ్లలో కొంత అమ్మి, మిగిలిన లోటుకే ఎఫ్‌డీని కదిలించమంటుంది. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం ఈ రెండింటినీ పోల్చి చూద్దాం.

మొదటి పద్ధతిలో తొలి ఏళ్లు ఎంతో హాయిగా గడుస్తాయి. ఆయన వడ్డీ ఆదాయం 3.86 లక్షలు. నాలుగు లక్షల వరకు అసలు పన్నే లేదు, ఆపైన కూడా పన్నెండు లక్షల దాకా రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. ఎఫ్‌డీ అసలు తీసుకోవడం ఆదాయం కాదు కనుక దానిపై పన్ను ప్రసక్తే లేదు. అయితే ధరలు పెరుగుతుంటే ఆ ఎఫ్‌డీలు నాలుగైదేళ్లకు అయిపోతాయి, పీపీఎఫ్ మరో అయిదారేళ్లు వస్తుంది. పన్ను అసలు మొదలయ్యేది ఆ తరవాతే. ఫండ్లు ఏటా పది శాతం పెరిగాయని అనుకుంటే 40 లక్షలు పదేళ్లకు సుమారు 104 లక్షలవుతాయి, అందులో 84 లక్షల దాకా లాభమే. ఆ ఏడాది ఖర్చుకు పది లక్షలు తీస్తే అందులో ఎనిమిది లక్షల పైచిలుకు లాభంగా లెక్కకొస్తుంది. సీనియర్ స్కీమ్ వడ్డీ అప్పటికీ 2.46 లక్షలే ఉందనుకుని, నాలుగు లక్షల పరిమితిలో మిగిలిన భాగాన్నీ, ఈక్విటీ లాభానికి ఏటా ఉండే 1.25 లక్షల మినహాయింపునూ తీసేస్తే, మిగతాదానిపై 12.5 శాతం, సెస్సుతో కలిపి దాదాపు 69 వేలు పన్ను పడుతుంది. పన్నెండు లక్షల రిబేటు ఈ లాభంపై పన్నును తగ్గించదు. చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే.

ఇంతకీ ఆ పదేళ్లలో పోయినదేమిటి? ఏటా 1.25 లక్షల మినహాయింపు. వాడుకోకపోతే అది మరుసటి ఏడాదికి రాదు. మార్చి 31తో ముగిసిపోతుంది.

రెండో పద్ధతి దాన్ని వాడుకుంటుంది. మొదటి ఏడాది 2.50 లక్షల ఫండ్లు అమ్మితే అందులో లాభం సరిగ్గా 1.25 లక్షలు, పన్ను లేదు. లోటులో మిగిలేది 84 వేలు, అది ఎఫ్‌డీ నుంచి వస్తుంది. కాగితం మీద ఇదే మేలుగా కనిపిస్తుంది. కానీ మార్కెట్ పడినప్పుడు ఏమవుతుందో చూడాలి. ఆయన 40 లక్షల ఫండ్లు ముప్ఫై శాతం పడి 28 లక్షలయ్యాయనుకుందాం. లాభం ఎనిమిది లక్షలకు తగ్గుతుంది. ఇప్పుడు 1.25 లక్షల లాభం బుక్ చేయాలంటే, అంటే అమ్మి చేతికి తెచ్చుకోవాలంటే, 4.37 లక్షల రూపాయల విలువైన యూనిట్లు అమ్మాలి. మినహాయింపును గుడ్డిగా వెంబడిస్తే, ధర పడిన ఏడాదే ఎక్కువ యూనిట్లు పోగొట్టుకుంటాం. 2020 జనవరి నుంచి మార్చి లోపల నిఫ్టీ మూడో వంతుకు పైగా పడి, ఆ ఏడాది ఆఖరుకల్లా తిరిగి లేచింది. 2008 జనవరి నాటి స్థాయికి సెన్సెక్స్ చేరడానికి మాత్రం 2010 చివరిదాకా ఆగవలసి వచ్చింది. అలాంటి రెండు మూడేళ్లలో ఖర్చుల కోసం అమ్మేసిన యూనిట్లు, మార్కెట్ లేచేటప్పుడు మన దగ్గర ఉండవు. పన్నులో మిగిలినదానికంటే ఈ నష్టం చాలా పెద్దది, ఎందుకంటే ఏడాది మినహాయింపు పూర్తిగా వాడుకున్నా ఆదా అయ్యే పన్ను 16,250 రూపాయలే.

అందుకే నా అభిప్రాయంలో ఈ రెండు పద్ధతులూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. లాభం ఎక్కడ బుక్ చేయాలన్నది ఒక నిర్ణయం, ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్నది వేరే నిర్ణయం. వీటిని ముడిపెట్టనక్కరలేదు. మార్కెట్ బాగున్న ఏడాది ఫండ్లు అమ్మిన సొమ్మునే ఖర్చుకు వాడుకోవాలి, ఎఫ్‌డీని అలాగే ఉంచాలి. పడిన ఏడాది ఎఫ్‌డీ నుంచి తీసుకోవాలి. ఆ ఏడాది మినహాయింపు కావాలంటే యూనిట్లు అమ్మి, ఆ సొమ్ముతో వెంటనే మళ్లీ అవే ఫండ్లు కొనాలి. కొనుగోలు ధర పైకి జరిగి, రేపటి పన్ను తగ్గుతుంది, యూనిట్లూ దాదాపు అలాగే ఉంటాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొత్తగా కొన్న యూనిట్లకు ఏడాది లెక్క మళ్లీ మొదలవుతుంది. పన్నెండు నెలల లోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో తొందరగా అమ్మినందుకు కోసుకునే ఎగ్జిట్ లోడు కూడా పడతాయి. అయితే ఒక ఫోలియోలో, అంటే ఒక ఫండ్ ఖాతాలో, ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్కిస్తారు కనుక, పాత యూనిట్లు తగినన్ని మిగిలి ఉన్నంతకాలం ఇబ్బంది ఉండదు.

ఈ పద్ధతి నిలవాలంటే ఎఫ్‌డీలలో ఎప్పుడూ మూడేళ్ల లోటు, ఆయన లెక్కలో పది లక్షలు, తగ్గకుండా ఉండాలి. దాన్ని ఒకే డిపాజిట్‌గా కాక, ఏడాదికొకటి గడువు తీరేలా విడగొట్టి వేస్తే గడువుకు ముందే విరగ్గొట్టి వడ్డీలో కోత పెట్టించుకోనక్కరలేదు.

ఇక పీపీఎఫ్. దీన్ని చివరికి ఉంచాలన్న మాట ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నవారికి నిజం. వారికి ఏడు శాతం ఎఫ్‌డీ పన్ను పోగా 4.8 శాతమే మిగులుతుంది, పీపీఎఫ్ ఇచ్చే 7.1 శాతం మొత్తం చేతికొస్తుంది. మన తెనాలి వ్యాపారికి ఎఫ్‌డీ వడ్డీపై కూడా పన్ను లేదు కాబట్టి ఆయనకు ఆ తేడా లేదు. పీపీఎఫ్ ఆయనకు మరో సురక్షితమైన డిపాజిట్ మాత్రమే. ఎఫ్‌డీ నిల్వ పది లక్షలకు దిగినప్పుడు అక్కడి నుంచి నింపుకోవచ్చు. పదిహేనేళ్లు నిండాక కొత్త జమలు వేయకుండా కొనసాగిస్తే ఏడాదికి ఒకసారి ఎంతైనా తీసుకోవచ్చు. జమలు వేస్తూ అయిదేళ్లు పొడిగిస్తే మాత్రం ఆ అయిదేళ్ల మొదట్లో ఉన్న నిల్వలో 60 శాతం దాటి తీయలేరు. అందువల్ల ఇంకా జమలు వేసి పన్ను మినహాయింపు పొందే ఉద్దేశం లేని వారు, అలవాటు కొద్దీ పొడిగింపు ఫారం ఇవ్వకపోవడమే మంచిది.

భార్య పేరిట కూడా ఫండ్లు ఉంటే ఆమెకు వేరే 1.25 లక్షల మినహాయింపు, వేరే నాలుగు లక్షల పరిమితి ఉంటాయి. అయితే ఆ డబ్బు ఆమె సొంతదై ఉండాలి. రిటైరయ్యాక భర్త బహుమతిగా ఇచ్చిన సొమ్ముతో కొన్నవాటి లాభం మళ్లీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది.