నెగ్లిజెన్స్ బిట్లు, పది నెలల తర్వాత: సరైన జవాబు కంటే తప్పు ఆప్షన్లే ఎక్కువ నేర్పాయి

మా సీనియర్ ఒకావిడ జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదివేటప్పుడు తనకోసం తయారు చేసుకున్న టార్ట్స్, అంటే పరిహారం అడగదగ్గ పౌర తప్పిదాల బిట్ల సెట్ ఇది. స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్స్ కాపీ నా చేతికొచ్చి పది నెలలైంది, ఈలోపు మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా చేశాను. అంతా నెగ్లిజెన్సే, అంటే ఎవరి అజాగ్రత్త వల్లో నష్టపోయామని వేసే దావాలు. 15 కేసుల కథలు, ఒక్కో కథ కింద నాలుగు బిట్లు. మొదటిది డ్యూటీ, అంటే జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ఉందా, రెండోది బ్రీచ్, అంటే ఆ బాధ్యత తప్పారా, మూడోది కాజేషన్, అంటే ఆ తప్పు వల్లే నష్టం వచ్చిందా, నాలుగోది రిమోట్‌నెస్, అంటే ఆ నష్టం ఊహకందనంత దూరపుదా. ఈ వరస ఎక్కడా మారదు. కీలో సరైన జవాబుకి ఒక్క లైనే ఉంటుంది, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో మాత్రం పేరాలకి పేరాలు. మొదట్లో చిరాకేసింది, సరైనది చెప్తే చాలదా, తప్పుల గురించి ఇంత రామాయణం ఎందుకని. బార్నెట్ కేసు దగ్గరికి వచ్చాక ఆ చిరాకు పోయింది.

బార్నెట్ వర్సెస్ చెల్సీ అందరికీ తెలిసిన కేసే. 1966 జనవరి 1 పొద్దున, లండన్‌లో ముగ్గురు నైట్ వాచ్‌మెన్లు టీ తాగాక వాంతులతో ఆసుపత్రి క్యాజువాలిటీకి వచ్చారు. నర్సు డాక్టర్‌కి ఫోన్ చేస్తే, ఆయనకీ ఒంట్లో బాగోలేదు, వాళ్లని ఇంటికెళ్లి తమ డాక్టర్లకి చూపించుకోమని చెప్పమన్నాడు. ఉదయం ఎనిమిది ప్రాంతంలో వచ్చిన వాళ్లలో ఒకతను మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో చనిపోయాడు. టీలో ఆర్సెనిక్ కలిసింది. భార్య కేసు వేసింది, ఓడిపోయింది.

డ్యూటీ బిట్ సులువు. క్యాజువాలిటీ తెరిచి పెట్టుకుని, మనిషి వచ్చి బాధ చెప్పుకున్నాక డ్యూటీ లేదనడం కుదరదు. బ్రీచ్ బిట్‌లో ‘డాక్టర్‌కే ఆరోగ్యం బాగోలేదు కాబట్టి తప్పు లేదు’ అని ఒక ఆప్షన్ పెట్టింది. జాలి కలిగి చాలామంది దాన్నే పెడతారు, కానీ ఇక్కడ కొలిచేది ఆ స్థానంలో ఉండే మామూలు డాక్టర్ ఏం చేసేవాడన్నది, ఈయనకి ఆ రోజు ఎలా ఉందన్నది కాదు. ఇక్కడిదాకా నాకు తప్పు పోలేదు.

మూడో బిట్ దగ్గర దొరికిపోయాను. ఆప్షన్లు ఇవి. ఎ) చూడకుండా పంపేయడం అంత పెద్ద తప్పు కాబట్టి చావుకి అదే కారణం. బి) విషం ఎవరో మూడో మనిషి కలిపాడు కాబట్టి కారణాల గొలుసు తెగింది. సి) చూసి చేర్చుకున్నా విరుగుడు టైమ్‌కి అందేది కాదు, కాబట్టి ఆసుపత్రి తప్పు వల్లే పోయాడని రుజువు కాలేదు. డి) ఆర్సెనిక్ అని ఎవరూ ఊహించలేరు కాబట్టి నష్టం రిమోట్.

నేను డి పెట్టాను. సిగ్గుచేటు ఏంటంటే, రెండో రౌండ్‌లోనూ డి పెట్టాను.

కీలో డి కింద ఉన్నది నా మాటల్లో చెప్తాను. రిమోట్‌నెస్ అడగాలంటే ముందు ఈ తప్పు వల్ల ఈ నష్టం వచ్చిందని తేలాలి. ఆ ముడే పడలేదు, ఇక ఆ నష్టం దూరమా దగ్గరా అని ఎలా కొలుస్తాం? ఒకవేళ ముడి పడిందనుకున్నా డి నిలవదు, ఎందుకంటే వాంతులు చేసుకుంటున్న మనిషిని చూడకుండా పంపితే పరిస్థితి ముదిరి ప్రాణం మీదకి రావచ్చని ఎవరైనా ఊహిస్తారు, అది ఏ విషమో పేరు తెలియక్కర్లేదు. అంటే రెండు వైపుల నుంచీ పోతుంది. ‘బి’ కూడా బాగా వేసిన వల. గొలుసు తెంచే పని ఏదైనా తప్పు జరిగాక రావాలి, ఇక్కడ విషం కలిసింది వాళ్లు ఆసుపత్రికి రాకముందే. ‘ఎ’ అయితే బ్రీచ్ ఎంత పెద్దదో చూపించి కాజేషన్ అయిపోయిందనిపించే రకం. అంటే తప్పు ఆప్షన్‌లో ఉన్న మాట చాలాసార్లు వేరే మెట్టుకి సంబంధించిన మాట. మన మెట్టు ఏదో మర్చిపోయామా, అది నిజంలాగే కనిపిస్తుంది.

ఆ బిట్ కింద పెన్సిల్‌తో ఇంకో చిన్న ప్రశ్న రాసి ఉంది. విరుగుడు ఇస్తే బతికే అవకాశం నూటికి 40 ఉందనుకో, అప్పుడు? అప్పుడు కూడా ఓడిపోతుంది, సగం కంటే ఎక్కువ అవకాశం చూపించాలి. 1987 హాట్సన్ కేసులో వైద్యం ఆలస్యమై, కోలుకునే 25 శాతం అవకాశం పోయిందని రుజువైనా కుర్రాడికి ఆ లెక్కన ఏమీ రాలేదు. న్యాయమేనా అంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక బాగోలేనివి. రిమోట్‌నెస్ కింద హ్యూజ్, డౌటీ కేసులు పక్కపక్కనే పెట్టింది. హ్యూజ్‌లో ఎడిన్‌బరోలో మ్యాన్‌హోల్ దగ్గర కాపలా లేకుండా వదిలేసిన కిరోసిన్ దీపం లోపల పడి పేలి పిల్లాడికి ఒళ్లు బాగా కాలింది. దీపంతో ఒళ్లు కాలడం ఊహించగలిగేదే కాబట్టి, పేలుడు రూపంలో వచ్చినా 1963లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ పిల్లాడి వైపే తీర్పిచ్చింది. ‘పేలుడు ఊహించలేరు కాబట్టి రిమోట్’ అన్న ఆప్షన్ ఎందుకు తప్పో అక్కడ కీ చక్కగా చెప్పింది. పేజీ తిప్పితే 1964 డౌటీ. ఫ్యాక్టరీలో బాగా కాగిన ద్రవంలో మూత పడింది, కాసేపటికి రసాయన మార్పు వల్ల ద్రవం ఎగజిమ్మి కార్మికుడికి ఒళ్లు కాలింది. ఇక్కడ సరైన జవాబు రిమోట్ అనే, కారణం ‘పేలుడు ఊహించలేరు’ అని ఒక్క లైన్. ముందు పేజీలో తప్పన్న మాటే ఈ పేజీలో ఒప్పా? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని తీర్పు తెచ్చి చదివాను. మూత పడినప్పుడు ద్రవం చిందడం ఊహించగలిగేదే, కానీ అలా చింది ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత వచ్చిన ఎగజిమ్మడం అప్పటికి ఎవరికీ తెలియని సంగతి, దాన్ని చిందడంలో ఒక రకంగా చూడటానికి కోర్టు ఒప్పుకోలేదు. ఈ రెండు తీర్పులూ అతికినట్టు కుదరవని నా అభిప్రాయం. అలాంటి చోట ఒకే జవాబున్న బిట్ పెట్టకూడదు, లేదా కీలో ఆ ఇబ్బంది రాయాలి.

డ్యూటీ బిట్లలో కూడా ఒకటి పాతబడిపోయింది. మామూలు రోడ్డు ప్రమాదానికి కూడా, డ్యూటీ ఉందో లేదో తేల్చడానికి కపారో కేసులోని మూడు మెట్ల పరీక్ష పెట్టాలన్న ఆప్షన్‌ని సరైనదంది. 2018 రాబిన్సన్ తీర్పులో బ్రిటన్ సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, డ్యూటీ ముందే స్థిరపడిన చోట దాన్ని ప్రతిసారీ మళ్లీ పరీక్షించక్కర్లేదని. నా కాపీలో ఆ కీ కొట్టేసి పక్కన రాసుకున్నాను, జిరాక్స్ తీసుకున్న వాళ్లందరికీ చెప్పాను కూడా.

అన్నిటికంటే పెద్ద లోపం ఆ వరసే. మూడో బిట్ అంటే కాజేషన్ అని ముందే తెలిసిపోతుంది, డి పోతుందని కథ చదవకుండానే చెప్పొచ్చు. పరీక్షలో ‘ఈ దావా ఎందుకు వీగిపోతుంది’ అని అడుగుతారు, ఏ మెట్టు దగ్గర ఆగాలో మనమే పట్టుకోవాలి. అందుకే మూడో రౌండ్‌కి పేజీలు మళ్లీ జిరాక్స్ తీయించి, బిట్లని కత్తెరతో కత్తిరించి, డ్యూటీ బ్రీచ్ అన్న హెడ్డింగులు తీసేసి డబ్బాలో కలిపేశాను. ఇంట్లో వాళ్లు తంబోలా అనుకున్నారు. ఆ రౌండ్‌లో 60కి 41 వచ్చాయి, వరసలో చేసినప్పుడు 54. పోయిన 19లో 11 తప్పులు కాజేషన్ దగ్గర రిమోట్‌నెస్ అన్నవో, రిమోట్‌నెస్ దగ్గర కాజేషన్ అన్నవో. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండు రౌండ్లు వరసలోనే చేయండి, కీలో తప్పు ఆప్షన్ల పేరాలు వదలకుండా చదవండి, ఆ తర్వాత కత్తెర తీయండి. డౌటీ పేజీ మాత్రం తీర్పు పక్కన పెట్టుకునే చదవండి.